మంగళవారం మూడున్నర దాకా

శాలిబండ రోడ్డు మీద గుండీలు, జిప్పులు అమ్మే దుకాణం పక్కనుంచి ఇరుకు మెట్లెక్కితే పైన మనీష్ షేర్ల ఆఫీసు. రెండు కంప్యూటర్లు, గోడకు ఒక టీవీ, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, మనీష్ కూర్చునే చిన్న అద్దాల గది. అంతే. కస్టమర్లు చెప్పిన ఆర్డర్లు కంప్యూటర్లో కొట్టడం యశోద పని. తొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. మనీష్ కాక, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్న డీలర్ ఆ ఆఫీసులో ఆమె ఒక్కతే.

నవంబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం, మార్కెట్ ఇంకో అరగంటలో మూసేస్తారనగా, వామన్‌రావు మెట్లెక్కి వచ్చాడు. గౌలిపురలో మూడు తరాల నుంచి ఉన్న కుటుంబం వాళ్ళది. నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఫోన్లో యాప్ మీద ఆయనకు నమ్మకం లేదు. వారానికోసారి స్వయంగా వచ్చి, ఆర్డర్ చీటీ మీద పొందిగ్గా సంతకం పెట్టి, కొనేసి పోతాడు.

"ఇరవై ఐదు వేల తొమ్మిదొందల కాల్ ఎంతుంది బిడ్డా?" అని అడిగాడు.

నిఫ్టీ సూచీ అప్పుడు ఇరవై ఐదు వేల ఏడు వందల దగ్గరుంది. అది మంగళవారం మార్కెట్ మూసే మూడున్నరకు ఇరవై ఐదు వేల తొమ్మిది వందలు దాటితే, దాటిన ప్రతి పాయింటుకు ఒక రూపాయి చొప్పున ఇచ్చే కాగితం ఆ కాల్. దాటకపోతే సున్నా.

"ఇరవై నాలుగు ఉంది సార్."

"ఇరవై నాలుగు రూపాయలేనా? మస్తు చీప్ ఉన్నది. ఇరవై లాట్లు కొట్టు."

యశోద చెయ్యి కీబోర్డు మీద ఆగింది. ఆయన ఎప్పుడూ నాలుగు లాట్లకు మించి కొనడు. లాటుకు డెబ్బై ఐదు కాల్స్. నాలుగు లాట్లంటే ఏడు వేల చిల్లర, ఇరవై లాట్లంటే పదిహేను వందల కాల్స్, ముప్పై ఆరు వేలు. ఆయన పెన్షన్‌లో అది ఎంతో ఆమెకు అంచనా ఉంది.

"ఇరవయ్యా సార్?"

"ఆ. మార్కెట్ పెరుగుతది, నాకు ఎరుకే. పెరుగుతదన్నప్పుడల్లా పెరుగుతనే ఉన్నది కదా. నేనే తక్కువ తక్కువ కొంటున్న. ఫిబ్రవరిలో చూసినవ్ కదా, ఒక్క దినంల ఇరవై రెండు వేలు."

ఫిబ్రవరి సంగతి ఆయన వచ్చిన ప్రతిసారీ చెబుతాడు. మిగతా వారాల సంగతి ఎన్నడూ ఎత్తడు.

"మంగళవారానికి అయిపోతది సార్ ఇది. నడుమ శని ఆదివారాలు," అంది యశోద.

"తెల్వదా నాకు?"

అద్దాల గదిలోంచి మనీష్ తలెత్తి చూశాడు. కస్టమరుకు సలహాలివ్వడం డీలర్ పని కాదని అతను చాలాసార్లే చెప్పాడు. యశోద చీటీ రాసింది. వామన్‌రావు సంతకం పెట్టాడు. ఆమె ఎంటర్ నొక్కింది. ఆ మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సిందని ఆయన మెట్లు దిగి వెళ్ళాక అనిపించింది. ఇట్లా అనిపించడం ఆమెకు కొత్తేమీ కాదు. ప్రతి వారం అనిపించేదే.

సోమవారం మార్కెట్ ఎనభై పాయింట్లు పెరిగింది. మూడున్నర కాగానే వామన్‌రావు ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం తెలుస్తోంది.

"పెరిగింది చూసినవా? ఎంతైంది మన కాల్?"

యశోద తెర వంక చూసింది. "ఇరవై ఒకటి అరవై సార్."

అవతల కాగితం తిరగేసిన చప్పుడు.

"ఇరవై నాలుగుకు కొన్నం."

"అవును సార్."

"మార్కెట్ పెరిగింది."

"పెరిగింది సార్. కానీ ఒక దినం పోయింది. ఎనభై పాయింట్లు పెరిగినా, పోయిన టైం దాని కంటె ఎక్కువ తిన్నది. రేపు పొద్దున్నే చూసి అమ్మేద్దామా?"

"అమ్ముడెందుకు, పెరుగుతున్నప్పుడు?" అన్నాడాయన. ఆ తర్వాత నెమ్మదిగా, "నువ్వు సరిగ్గనే కొన్నవు కదా?" అన్నాడు.

ఆ మాట యశోదను రాత్రంతా గుచ్చింది.

మంగళవారం పదకొండుకల్లా వామన్‌రావు ఆఫీసుకు వచ్చేశాడు. వెంట బాలరాజ్ కూడా వచ్చాడు. అదే గల్లీలో పాల వ్యాపారం చేసే బాలరాజ్‌కు నలభై ఉంటాయి. పొద్దుటి పాలు పోశాక ఇక్కడికొచ్చి తనూ ఒకటో రెండో లాట్లు కొంటుంటాడు. ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. నిఫ్టీ ఇరవై ఐదు వేల ఎనిమిది వందల పదిహేను చూపిస్తోంది.

"శుక్రవారం కంటె నూటా పదిహేను పైన ఉన్నది. ఇంకెంత బాపూ, ఎనభై ఐదే," అన్నాడు బాలరాజ్.

"మన కాల్?" అని వామన్‌రావు యశోదను అడిగాడు.

"పదమూడు సార్."

ఆయన లేచి వచ్చి తెరలోకి వంగి చూశాడు. ఇరవై ఐదు వేల తొమ్మిది వందలు, కాల్, పదమూడు. మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. పన్నెండుకు సూచీ ఇంకో పది పెరిగింది. కాల్ పదకొండుకు దిగింది. ఒంటి గంటకు సూచీ ఎనిమిది వందల ముప్పై ఐదు, కాల్ ఎనిమిది నలభై. ఇంకా ముగ్గురు నలుగురు కస్టమర్లు వచ్చి కూర్చున్నారు. మంగళవారం కదా, ఆ ఆఫీసుకు అది సంత రోజు. వారం కాల్స్ ముగిసే రోజు ఆగస్టు దాకా గురువారం ఉండేది, తర్వాత మంగళవారానికి మార్చారు. రోజు మారినా కుర్చీల్లో మనుషులు మారలేదు.

ఒకటిన్నరకు వామన్‌రావు లేచి నిలబడ్డాడు.

"యశోదా, నిజం చెప్పు. నా పేరు మీద ఏం కొన్నవ్?"

గదిలో అందరూ తిరిగి చూశారు.

"మీరు చెప్పిందే సార్."

"నేను పెరుగుతదని కొన్న. పెరిగింది. మూడు దినాల్ల నూటా నలభై పెరిగింది. నా పైసలు మాత్రం నాలుగో వంతుకు వచ్చినయి. గిదెట్ల అయితది? తగ్గుతదన్న దాన్ని కొట్టినవా? లేకపోతే నా కాల్ ఎవరికన్న అమ్ముకున్నవా?"

ఆయన గొంతు పెంచలేదు. మామూలుగానే అడిగాడు. అరిచి ఉంటే యశోదకు ఇంత బాధ ఉండేది కాదు. తొమ్మిదేళ్ళలో ఒక్క తప్పుడు ఆర్డర్ లేదు. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో సగం మంది గౌలిపుర వాళ్ళే. సాయంత్రానికి ఈ మాట ఆమె గల్లీకి చేరుతుంది.

మనీష్ బయటికొచ్చాడు. "క్యా హువా సార్? కూసోండి. తప్పేమన్న అయితే చూద్దాం. యశోదా, శుక్రవారం ఆర్డర్ తియ్యి ఒకసారి," అన్నాడు. తప్పేమన్న అయితే అన్న మాట యశోద చెవిలో పడింది. తప్పు కాదని అతనికి బాగా తెలుసు. పాత కస్టమరును పోగొట్టుకోవడం ఇష్టం లేక అన్నాడంతే.

ఆమె ఫైల్లోంచి శుక్రవారం చీటీ తీసింది. పక్కనే, కొన్నట్టు ఎక్స్ఛేంజి లెక్క చూపే కాంట్రాక్ట్ నోట్ ప్రింట్ తీసి పెట్టింది. రెండిట్లోనూ అదే కాల్, అదే పదిహేను వందలు, అదే ఇరవై నాలుగు.

"సంతకం నాదే," అన్నాడు వామన్‌రావు. "కానీ కాయితం ఏం చెప్పినా, లెక్క ఒప్పుకోవాలె కదా. నలభై ఏండ్లు లెక్కల మీద బతికినోణ్ణి. రెండు వస్తువులు ఒక దాని వెంట ఒకటి పోవాలె. ఒకటి పైకి పోతుంటె ఒకటి కిందికి పోతున్నది."

"రెండు కావు సార్, మూడు," అంది యశోద. "మూడోదాన్ని మీరు లెక్కల తీసుకోలే."

డ్రాయర్లోంచి తెల్లకాగితం, పెన్సిల్ తీసి ఆయన ముందు పెట్టింది.

"నేను చెప్తే మీరు నమ్మరు. మీరే గీయండి. నేను అంకెలు చదువుత."

ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. స్కేలు అడిగి తీసుకున్నాడు. అడ్డం గీత మీద శుక్రవారం నుంచి మంగళవారం మూడున్నర దాకా గడియలు పెట్టాడు. యశోద తెర మీద పాత ధరలు తెరిచి ఒక్కొక్కటే చదివింది. సూచీ ఇంత, కాల్ ఇంత. ఆయన చుక్కలు పెట్టి కలుపుతూ పోయాడు. వృత్తి మానేసి ఆరేళ్ళయినా గీత చెక్కుచెదరలేదు. పైన ఒక గీత మెల్లగా ఎక్కుతూ పోయింది. కింద ఇంకో గీత దిగుతూ పోయింది.

"ఈ నిమిషంల మార్కెట్ బంద్ అయితే మీ కాల్‌కు ఎంతొస్తది సార్?"

"తొమ్మిదొందలు దాటలే. ఏం రాదు."

"శుక్రవారం బంద్ అయినా ఏం రాకపోయేది. మరి ఇరవై నాలుగు దేనికి ఇచ్చినం?"

ఆయన పెన్సిల్ ఆపాడు.

"ఇంకా టైం ఉన్నది, దాటొచ్చు అన్న ఆశకు ఇచ్చినం సార్," అంది ఆమె. "ఇరవై నాలుగుకు ఇరవై నాలుగూ టైం ధరే. అది మార్కెట్ పెరిగినా పోతది, తగ్గినా పోతది, ఊకున్నా పోతది. మార్కెట్ పెరిగితే సరిపోదు. టైం తినేదాని కంటె జల్దీ పెరగాలె. రెండొందలు ఎక్కాలె, దాని మీద మీరు పెట్టిన ఇరవై నాలుగు కూడా ఎక్కాలె. గదీ మూడున్నర లోపల. మీరు పెరుగుతదన్నది కరెక్టే. ఎన్నటి వరకన్నదే తప్పింది."

"సాయంత్రం మిగిలిన పాల లెక్క," అన్నాడు బాలరాజ్, మెల్లగా. "పొద్దుగాల ఉన్న ధర రాదు."

వామన్‌రావు ఆ మాట విన్నాడో లేదో. "ఒకటిన్నర?" అని అడిగాడు.

"సూచీ ఎనిమిది వందల నలభై. కాల్ ఆరు ఎనభై."

ఆయన చుక్క పెట్టాడు. అందరూ ఆ బల్ల చుట్టూ చేరారు. మనీష్ కూడా వెళ్ళిపోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. రెండు గంటలకు సూచీ దాదాపు కదల్లేదు, కాల్ నాలుగు నలభై. వామన్‌రావు స్కేలు పెట్టి శుక్రవారం నుంచి సోమవారం దాకా వాలు కొలిచాడు. తర్వాత ఈ మూడు గంటల వాలు కొలిచాడు.

"మొదట్ల ఇంత మెల్లగ దిగింది. ఇప్పుడు గోడ దిగినట్టు దిగుతున్నది," అన్నాడు తనలో తను అనుకున్నట్టు.

"అవును సార్. టైం తక్కువ ఉంటె ధర తక్కువ ఉంటది. అందుకే వారం కాల్ చీప్ అనిపిస్తది. పోయే జోరు గూడ దానికే ఎక్కువ."

"మరి నాకు ఈ కాల్ అమ్మినోడు ఎవడు? నా టైం వాడు తింటున్నడా?"

"తింటున్నడు. కానీ వాడు పూచీగ లక్షలు కట్టి కూసున్నడు. ఒక్కనాడు మార్కెట్ మూడొందలు లేచిందనుకోండి, వాని కొంప పోతది. మీరు గా అమ్మే పని చెయ్యొద్దు."

రెండూ పదిహేను దాటాక మార్కెట్ ఉన్నట్టుండి లేచింది. ఎనిమిది వందల యాభై. అరవై. డెబ్బై రెండు. బాలరాజ్ కుర్చీలోంచి లేచాడు. కాల్ మూడు చిల్లర నుంచి ఎనిమిది అరవైకి ఎగిరింది. గదిలో గాలి మారిపోయింది.

"బాపూ, వస్తున్నది. ఇంకా ఇరవై ఎనిమిదే," అన్నాడు బాలరాజ్.

వామన్‌రావు యశోద వంక చూశాడు. ఆమె తెర వంకే చూసింది. సలహా చెప్పకూడదు. ఆయన కాగితం మీద ఎనిమిది అరవై దగ్గర చుక్క పెట్టాడు. కింది గీత మొదటిసారి పైకి తిరిగింది. తర్వాత స్కేలు తీసుకుని, మూడున్నర దగ్గర నిలువు గీత గీశాడు. చుక్కకు, ఆ గీతకు నడుమ బొటనవేలంత ఖాళీ ఉంది. ఆ ఖాళీ వంకే చూస్తూ ఉండిపోయాడు.

"అమ్మెయ్ బిడ్డా," అన్నాడు.

"అన్నీనా సార్?"

"అన్నీ."

చీటీ, సంతకం, ఎంటర్. పన్నెండు వేల తొమ్మిది వందలు వెనక్కి వచ్చాయి. ముప్పై ఆరు వేలల్లో ఇరవై మూడు వేలు పోయినా, ఆయన పెద్ద బరువు దించుకున్నట్టు వెనక్కి వాలాడు. కథ అక్కడితో అయిపోతే బాగుండేది.

రెండూ నలభై ఆరుకు సూచీ ఎనిమిది వందల తొంభై మూడు తాకింది. కాల్ పదిన్నర.

"ఏడు పాయింట్లు," అన్నాడు బాలరాజ్. "ఏడే. అయ్యో బాపూ, జర ఆగకపోతివి."

వామన్‌రావు మొహం యశోద కంటపడింది. ఆ చూపు ఆమె ఎరుగును. ప్రతి మంగళవారం ఈ కుర్చీల్లో ఎవరో ఒకరి మొహంలో చూసేదే. పోయిన సొమ్ము కంటే, రాబోయి తప్పిపోయిన సొమ్ము మనిషిని ఎక్కువ కోస్తుంది.

ఆయన ముందుకు వంగాడు. "మళ్ళ కొను. ఇరవై లాట్లు."

"సార్..."

"పదిన్నరే కదా. పదిహేను వేల చిల్లర. తొమ్మిదొందల యాభై అయితే డెబ్బై ఐదు వేలు వస్తది. పోయిందంతా వచ్చేస్తది. జల్దీ."

యశోద చేతులు కీబోర్డు మీదినుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను కొట్ట సార్."

"ఏంది?"

"నేను కొట్ట. ఇప్పుడే మీరు గీసిన కాయితం మీ ముందర ఉన్నది. నన్ను దొంగ అన్నరు, పడ్డ. ఇది మాత్రం నా చేత్తోని కొట్ట."

మనీష్ గబగబా వచ్చాడు. "యశోదా, ఏం మాట్లాడుతున్నవ్? కస్టమర్ ఆర్డర్ చెప్తే కాదనే హక్కు నీకు లేదు."

"లేదు భాయ్, తెలుసు."

"తెలిసి గూడ? రేపు ఆయన కంప్లైంట్ ఇస్తే ఎవరు జవాబు చెప్పాలె? ఇది నా ఆఫీసు. ప్రతి నెలా కిరాయి కట్టాలె, నీ జీతం ఇయ్యాలె. నేను ఎవరినన్న పిలిచి కొనమన్ననా? వాళ్ళంతట వాళ్ళు వస్తరు."

"వస్తరు. ఎందుకొస్తరో నీకు తెలుసు, నాకు తెలుసు. ఒక్కసారి యాభై వేలు పోతే ఎవడు మళ్ళ రాడు. ఐదు వేలు, ఆరు వేలు పోతే నొప్పి తెల్వదు. వచ్చే మంగళవారానికి మళ్ళ కొత్త కాల్ పుడుతది. తొమ్మిదేండ్ల నుంచి చూస్తున్న భాయ్. పొద్దుగాల ఈ తెర తెరుస్తనే సర్కారు హెచ్చరిక రాసి ఉంటది, పది మందిల తొమ్మిది మందికి నష్టమే అని. దాన్ని రోజు నేనే నొక్కి మూసేస్తున్న."

"లెవ్. లెవ్ అక్కడికెళ్ళి. నేను కొడతా."

యశోద లేచి గోడ పక్కకు జరిగింది. జీతం, కూతురి ఫీజు, స్కూల్ వ్యాను నడిపే భర్త సంపాదన, అన్నీ ఒకేసారి తలలో తిరిగాయి. మనీష్ కుర్చీలో కూర్చుని, పాస్‌వర్డ్ మార్చి తన పేరుతో తెరిచాడు. అదొక నిమిషం. కొత్త చీటీల పుస్తకం ఎక్కడుందో తెలియక డ్రాయర్లు వెతికాడు. అదింకొకటి.

"చెప్పండి సార్. ఇరవై లాట్లు. ఎంతకు కొట్టాలె?"

"ఎంతున్నది?"

మనీష్ తెర చూశాడు. "ఆరు."

"ఆరా? మార్కెట్ పడిందా?"

"ఎనిమిది వందల ఎనభై ఎనిమిది. ఐదు పాయింట్లు తగ్గింది, అంతే."

వామన్‌రావు గోడ గడియారం చూశాడు. రెండూ యాభై నాలుగు. వాళ్ళు కొట్లాడుకున్నది ఎనిమిది నిమిషాలు. ఆయన పెన్సిల్ తీసుకుని, పదిన్నర దగ్గర ఒక చుక్క, ఆరు దగ్గర ఒక చుక్క పెట్టి కలిపాడు. కాగితం మీద గీసిన అన్ని గీతల్లోకీ అది నిటారుగా ఉంది.

"సార్, టైం పోతున్నది. కొట్టాల్నా?" అన్నాడు మనీష్.

"వద్దు," అన్నాడు వామన్‌రావు.

"వద్దా?"

"వద్దు మనీష్. మనం లొల్లి పెట్టుకున్నంత సేపట్ల నాలుగున్నర రూపాయలు ఎటు పోయినయో చూసిన."

మూడు దాటాక సూచీ ఎనిమిది వందల ఎనభై దగ్గరే తచ్చాడింది. మూడూ ఇరవై రెండుకు ఒక్కసారి తొమ్మిది వందల మూడు తాకింది. కానీ కాల్ ముప్పై పైసలు దాటలేదు. చివరి ధర అంటే ఆ క్షణం ఉన్నది కాదని, ఆఖరి అరగంట సగటని యశోద గోడ దగ్గర్నుంచే చెప్పింది. సగటు ఎనిమిది వందల ఎనభై ఆరుకు తేలింది. నాలుగు రోజుల్లో మార్కెట్ నూటా ఎనభై ఆరు పాయింట్లు పెరిగింది. శుక్రవారం ఇరవై నాలుగు పలికిన కాల్ సున్నా అయింది.

మిగతావాళ్ళు ఒక్కొక్కరే దిగిపోయారు. వామన్‌రావు మాత్రం కదల్లేదు.

"బిడ్డా, సంక్రాంతి ముందర మొదలుపెట్టిన కదా. ఇప్పటిదాకా మొత్తం ఎంత పోయింది?"

యశోద మనీష్ వంక చూసింది.

"మెయిల్ పంపిస్తం సార్," అన్నాడు మనీష్.

"మెయిల్ నాకు రాదు. కాయితం ఇయ్యి."

మనీష్ కదల్లేదు. యశోద ముందుకొచ్చి, అతని భుజం మీదుగా వంగి, రెండు మీటలు నొక్కి ప్రింట్ తీసింది. మూడు పేజీలు. నలభై ఒక్క వారాలు. ఆరు వారాలు లాభం, ముప్పై ఐదు వారాలు నష్టం. ఈ వారం తప్పిస్తే తొమ్మిది వేలు దాటిన నష్టం ఒక్కటీ లేదు. అడుగున మొత్తం లక్షా యాభై రెండు వేలు.

ఆయన మూడు పేజీలూ చదివాడు. ఆరు లాభాల మీద మాత్రం పెన్సిల్‌తో చిన్నగా టిక్కులు పెట్టాడు. "గీ ఆరే నాకు యాదికున్నయి," అన్నాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని దిగిపోయాడు. యశోదతో ఇంకేమీ మాట్లాడలేదు.

ఆ సాయంత్రం మనీష్ ఆమెను గదిలోకి పిలిచాడు. కోపం చల్లారినట్టే ఉంది. "నిన్ను తీసెయ్య. అంత మనిషిని కాను," అన్నాడు. "కానీ ఆ కుర్చీల ఇగ నేను కూసుంట. నువ్వు కొత్త ఖాతాల కాయితాలు చూసుకో. ఇన్సెంటివ్ రాదు, జీతమే వస్తది." నెలకు ఆరు వేలు తగ్గినట్టు. యశోద సరేనంది. ఇంటికి పోయి భర్తకు చెబితే, అతను శని ఆదివారాలు పెళ్ళిళ్ళకు వ్యాను తిప్పుతానన్నాడు.

వారం రోజులు ఆమెను ఇంకో సంగతి తొలిచింది. గల్లీలో ఎవరైనా పలకరిస్తే చాలు, దొంగ ఆర్డర్ సంగతి విన్నారేమో అని వాళ్ళ కళ్ళలోకి చూసేది.

తర్వాతి మంగళవారం పదకొండు గంటలకు, కుర్చీలన్నీ నిండి ఉన్నప్పుడు, వామన్‌రావు వచ్చాడు. వెంట ఆయన భార్య గోదా ఉంది. మెట్లెక్కిన ఆయాసంతో తలుపు పట్టుకుని నిలబడిందామె. ఆమె ఈ ఆఫీసుకు రావడం ఇదే మొదటిసారి.

"నా ఖాతాల ఈ కాల్స్, ఆప్షన్లు కొనుడు బంద్ చేసే ఫారం ఉంటదట కదా. ఇయ్యి బిడ్డా," అన్నాడు వామన్‌రావు.

యశోద ఫారం తీసి ఇచ్చింది. ఆయన నిలబడే నింపి సంతకం పెట్టాడు. తర్వాత కుర్చీల వైపు తిరిగాడు.

"పోయిన మంగళవారం ఈమెను నేను అనరాని మాట అన్న. మీరందరు విన్నరు. ఆమె తప్పేం లేదు. తప్పు నాది. అందరి ముందర అన్న కాబట్టి అందరి ముందరనే చెప్తున్న."

కుర్చీల్లో కొందరు తలలూపారు. కొందరు తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "కూసోండి సార్, మంచినీళ్ళు తెస్త," అంది యశోద.

"లక్షా యాభై వేలంట, నాకు నిన్ననే చెప్పిండు," అంది గోదా, యశోద ఒక్కదానికే వినబడేట్టు. "ఏడాది నుంచి ప్రతి వారం ఇంటికొచ్చి ఏం కాలే, కొంచెమే పోయింది అనెటోడు. కొంచెమే కదా అని నేను గూడ అడగకపోతి."

ఫారం మీద సంతకం, పాత సంతకం ఒక్కటేనా కాదా అని యశోద రెండుసార్లు పోల్చి చూసి ముద్ర వేసింది. వెనక కుర్చీల్లోంచి బాలరాజ్ గొంతు వినిపించింది.

"మనీష్ భాయ్, ఇరవై ఆరు వేలది ఎంతున్నది?"

"పద్దెనిమిది."

"పద్దెనిమిదే కదా. రెండు లాట్లు కొట్టు."

వామన్‌రావు తలుపు దగ్గర ఆగాడు. వెనక్కి తిరిగి బాలరాజ్‌ను పిలవబోయినట్టే అయింది. గోదా ఆయన చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒక్కో మెట్టే చూసుకుంటూ కిందికి దిగారు. యశోద ఫారాన్ని ఫైల్లో పెట్టి లేచింది. బాలరాజ్ పక్కనున్న ఖాళీ కుర్చీ దాకా నడిచి వెళ్ళి కూర్చుంది. మనీష్ తెర మీంచి తలెత్తి చూసి, మళ్ళీ తెర వైపు తిరిగాడు.

"బాలరాజ్ అన్నా," అంది ఆమె, "నీ దగ్గర ఒక పెన్సిల్ ఉన్నదా?"